భూసేకరణ పరిహారానికి ఇన్‌కం టాక్స్ నోటీసు వస్తే: అవార్డు, అడంగల్ దగ్గర పెట్టుకుని జవాబు రాసే పద్ధతి

2025 మార్చిలో గుర్ల మండలం నుంచి ఒక పెద్దాయన విజయనగరంలో నా దగ్గరికి వచ్చారు. పట్టాదారు పాస్ పుస్తకం తెరిచి, అందులో నాలుగు మడతలు పెట్టి దాచిన కాగితం తీసి బల్ల మీద పరిచారు. "భూమి పోనాది. ఇచ్చిన డబ్బుకి మళ్లీ పన్నేటి బాబూ?" అన్నారు. అది ఇన్‌కం టాక్స్ సెక్షన్ 148ఎ నోటీసు. ఆయన ఆదాయం 49,08,640 రూపాయలు లెక్కలోకి రాలేదని, ఆ సంవత్సరం లెక్కను తిరిగి తెరిచే 148 నోటీసు ఎందుకు ఇవ్వకూడదో చెప్పమని అందులో ఉంది.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి ఇదే ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. పరిహారంలో చాలా భాగానికి పన్ను లేదు. అయితే ఆ మాట మీరు కాగితాలతో చెబితేనే చెల్లుతుంది. ఊరుకుంటే అవతలి అధికారి తన దగ్గరున్న సమాచారంతోనే పన్ను వేసేస్తారు. అందుకే ఆ పెద్దాయన కేసు పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. ఊరి పేరు చెప్పడం లేదు. సర్వే నంబరు, అంకెలు మార్చాను.

## 1. ముందు నోటీసును చదవండి, జవాబు తర్వాత

నోటీసు నిజమైనదేనా అన్నది మొదటి పని. incometax.gov.in లో లాగిన్ అవ్వకుండానే "Authenticate Notice/Order Issued by ITD" అనే చోట నోటీసు మీది డిన్ అనే గుర్తింపు నంబరు కొట్టి చూడవచ్చు. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కి డబ్బు కట్టమంటే కట్టకండి.

తర్వాత ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకోండి:

- ఏ సెక్షన్ కింద వచ్చింది
- ఏ అసెస్‌మెంట్ సంవత్సరానికి
- జవాబుకు ఆఖరి తేదీ
- మొత్తం ఎంత, అది ఎక్కడెక్కడి నుంచి వచ్చిన సమాచారం

మా కేసులో అసెస్‌మెంట్ సంవత్సరం 2022-23, అంటే డబ్బు అందింది 2021-22లో. ఇక్కడ గడువు చూసుకోవాలి. 2024 సెప్టెంబరు 1 తర్వాత వచ్చే 148ఎ నోటీసు మామూలుగా ఆ అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన 3 ఏళ్లలోపు రావాలి. తప్పిపోయిందంటున్న ఆదాయం 50 లక్షలు, అంతకు మించి ఉంటే 5 ఏళ్ల దాకా రావచ్చు. ఈ నోటీసు 3 ఏళ్లలోపే వచ్చింది కాబట్టి గడువు మీద వాదించడానికి ఏమీ లేదు.

నాలుగో అంశమే అసలు విషయం బయటపెట్టింది. 49,08,640లో 29,08,640 భూసేకరణ కార్యాలయం, పరిహారం మీద పన్ను కోతకు సంబంధించిన సెక్షన్ 194ఎల్‌ఏ కింద చూపిన మొత్తం. మిగతా 20,00,000 బ్యాంకు చెప్పిన ఫిక్స్‌డ్ డిపాజిట్. ఏడాదిలో 10 లక్షలు, అంతకు మించి డిపాజిట్ చేస్తే బ్యాంకు ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలపాలి. కానీ ఆ 20 లక్షలు పరిహారంలోంచి వేసినవే! ఒకే డబ్బు రెండుసార్లు లెక్కకొచ్చింది. ఇది చాలా తరచుగా జరుగుతుంది. మీ నోటీసులోని మొత్తం మీకు వచ్చిన డబ్బు కంటే ఎక్కువగా కనిపిస్తే ముందు ఈ అనుమానమే పెట్టుకోండి. రెండుసార్లు లెక్కపెట్టిన మొత్తం 50 లక్షలు దాటితే, అసలు రాకూడని పాత సంవత్సరానికీ నోటీసు వచ్చే ప్రమాదం ఉంది.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. అంతకు ముందు సంవత్సరాల పరిహారం గురించి వాదించేటప్పుడు 1961 చట్టం సెక్షన్లే రాయాలి. నేనిక్కడ వాడేవి అవే.

## 2. అవార్డు ఏ చట్టం కింద వచ్చిందో తేల్చుకోండి

అవార్డు అంటే మీ పరిహారం ఎంతో తేల్చిన ఉత్తర్వు. దాని కాపీ మొదటి పేజీ తీయండి. అందులో చట్టం పేరు ఉంటుంది. మీ జవాబులో ఏ వాదన ముందు రావాలో ఆ ఒక్క లైను నిర్ణయిస్తుంది.

2013 భూసేకరణ చట్టం అయితే: దాని సెక్షన్ 96 మీకు పెద్ద అండ. ఆ చట్టం కింద ఇచ్చిన అవార్డు మీద గానీ, చేసుకున్న ఒప్పందం మీద గానీ ఆదాయపు పన్ను వేయకూడదని అది చెబుతుంది. సెక్షన్ 46 కింద ప్రైవేటు కొనుగోళ్లకు మాత్రం ఇది వర్తించదు. 2016 అక్టోబరు 25న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు సీబీడీటీ 36/2016 సర్క్యులర్ ఇచ్చింది. ఆదాయపు పన్ను చట్టంలో విడిగా మినహాయింపు లేకపోయినా సెక్షన్ 96 పరిధిలోని పరిహారానికి పన్ను లేదని అందులో స్పష్టం చేసింది. భూమి వ్యవసాయ భూమే కానక్కర్లేదు. ఇంటి స్థలం పోయినా వర్తిస్తుంది.

జాతీయ రహదారుల చట్టం, 1956 అయితే: రాయపూర్–విశాఖ రోడ్డుకు మన వైపు భూములిచ్చిన వాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. మీ నోటిఫికేషన్లలో 3ఎ, 3డి, 3జి అనే సెక్షన్లు ఉంటాయి. 2015 ఆగస్టు 28 నాటి కేంద్ర ఉత్తర్వు 2013 చట్టంలోని పరిహారం లెక్కను ఈ సేకరణలకూ వర్తింపజేసింది. కానీ సెక్షన్ 96 "ఈ చట్టం కింద" అంటుంది కాబట్టి, హైవే అవార్డుకు అది రాదని వాదించే అధికారులున్నారు. రైతుకు అనుకూలంగా వచ్చిన తీర్పులూ ఉన్నాయి. నా సలహా ఏమిటంటే, హైవే కేసులో గ్రామీణ వ్యవసాయ భూమి అనే వాదన ముందు పెట్టి, సెక్షన్ 96ను దాని వెనక పెట్టండి.

1894 పాత చట్టం అయితే: వంశధార వైపు పాత సేకరణల మీద కోర్టు పెంచిన పరిహారం ఇప్పుడు చేతికొచ్చే వాళ్లది ఈ బాపతు. సెక్షన్ 96 మీద ఆధారపడకండి. గ్రామీణ వ్యవసాయ భూమి అన్నది ఒకటి, పట్టణ పరిధిలోని సాగు భూమికి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 10(37) ఒకటి, ఈ రెండే మీ వాదనలు.

మా పెద్దాయనది సాగునీటి కాలువ కోసం 2013 చట్టం కింద సేకరణ. సర్వే నంబరు 112/3లో ఎకరా 60 సెంట్లు.

## 3. వచ్చిన డబ్బును పద్దుల వారీగా విడగొట్టండి

బ్యాంకులో ఒకే మొత్తం పడుతుంది. అందులో పన్ను లేనిది, ఉన్నది కలిసే ఉంటాయి. అవార్డులోని లెక్క పట్టిక తీసుకుని ఇలా విడగొట్టాం:

| పద్దు | రూపాయలు |
|---|---|
| భూమి విలువ: 1.60 ఎకరాలు × 6,00,000 = 9,60,000; గుణకం 1.25తో | 12,00,000 |
| కొబ్బరి చెట్లు, బోరు | 1,00,000 |
| సొలేషియం అనే అదనపు పరిహారం, పై రెండింటి మీద నూరు శాతం | 13,00,000 |
| 9,60,000 మీద ఏడాదికి 12 శాతం, 15 నెలలకు | 1,44,000 |
| అవార్డు మొత్తం | 27,44,000 |
| ఆలస్యానికి వడ్డీ, ఏడాదికి 9 శాతం, 8 నెలలకు | 1,64,640 |
| చేతికి వచ్చింది | 29,08,640 |

ఈ పట్టికలో రెండు చోట్ల జనం పొరబడతారు.

ఒకటి, 12 శాతం పద్దు. శాతం కనిపించగానే దాన్ని వడ్డీ అనేస్తారు. అది వడ్డీ కాదు. నోటిఫికేషన్ నుంచి అవార్డు దాకా గడిచిన కాలానికి సెక్షన్ 30(3) కింద పరిహారంలో కలిపే అదనపు మొత్తం. అవార్డులో అది భాగమే. జవాబులో ఈ ముక్క విడిగా రాయకపోతే అధికారి దాన్ని వడ్డీ ఖాతాలో వేసే అవకాశం ఉంది.

రెండు, చివరి 1,64,640. ఇది నిజంగానే వడ్డీ. భూమిని 2021 ఫిబ్రవరి 10న స్వాధీనం చేసుకుని డబ్బు అక్టోబరు 10న ఇచ్చినందుకు సెక్షన్ 80 కింద కలిపింది. ఆలస్యం ఏడాది దాటితే ఆ పైకాలానికి ఇది 15 శాతం అవుతుంది. పరిహారం ఆలస్యమైనందుకు ఇచ్చే వడ్డీకి ఆదాయపు పన్ను చట్టంలో విడిగా సెక్షన్ 56(2)(viii) ఉంది. అందిన సంవత్సరంలో దాన్ని చూపాలి. అందులో సగం 57(iv) కింద తీసేస్తారు. మిగతా సగమే ఆదాయం.

వడ్డీకి కూడా సెక్షన్ 96 వర్తిస్తుందని వాదించేవాళ్లు ఉన్నారు. చిన్న మొత్తానికి ఆ వాదన పెట్టుకోవద్దని నేను చెబుతాను. వడ్డీని మనమే ముందుగా చూపిస్తే మిగతా 27 లక్షల మాట అధికారి నమ్మకంగా వింటారు. మా కేసులో సగం వడ్డీ 82,320. ఆ ఏడాది ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వచ్చిన వడ్డీ సుమారు 48,000. రెండూ కలిపి 1,30,320. ఆయన వయసు 67. ఆ సంవత్సరానికి 60 దాటిన వారికి 3,00,000 దాకా పన్ను లేదు. అంటే వడ్డీ చూపించినా ఆయన కట్టాల్సింది సున్నా.

## 4. రెవెన్యూ రికార్డులు: ఏవి, ఏ సంవత్సరానివి

ఎక్కువ జవాబులు చెడిపోయేది ఇక్కడే. నోటీసు రాగానే మీభూమి తెరిచి ఈనాటి అడంగల్ ప్రింటు తీసి జతపరుస్తారు. సేకరణ అయిపోయిన భూమికి ఈనాటి రికార్డులో ప్రభుత్వం పేరు ఉంటుంది, లేదా ఆ సబ్‌డివిజనే మారిపోయి ఉంటుంది. ఆ కాగితం మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది.

రీసర్వే జరిగిన గ్రామాల్లో ఇంకో చిక్కు. పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. అవార్డులో 112/3 ఉంటే కంప్యూటరులో ఇంకేదో అంకె కనిపిస్తుంది. అందుకే తహసీల్దారు కార్యాలయానికి అర్జీ పెట్టి, సేకరణకు ముందు సంవత్సరాల అడంగల్, 1-బి ధ్రువీకరించిన నకళ్లు తీసుకోవాలి.

ఫసలీ లెక్క. అడంగల్ ఫసలీ ప్రకారం ఉంటుంది. ఫసలీ జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. మొదలైన ఇంగ్లీషు సంవత్సరంలోంచి 590 తీసేస్తే ఫసలీ వస్తుంది. 2019 జూలైలో మొదలైంది 1429 ఫసలీ.

సెక్షన్ 10(37)కి భూమి చేయి మారిన తేదీకి ముందు 2 ఏళ్లు సాగులో ఉన్నట్టు చూపాలి. మా కేసులో ఆ తేదీ 2021 ఫిబ్రవరి 10. వెనక్కి 2 ఏళ్లంటే 2019 ఫిబ్రవరి. ఆ కాలం 1428, 1429, 1430 మూడు ఫసలీల్లో పడుతుంది. రెండేళ్లు కదా అని రెండు అడంగళ్లే తెస్తే ఒక కొస తెగిపోతుంది. మూడూ తీసుకోండి.

నకలు చేతికి రాగానే కౌంటరు దగ్గరే నిలబడి పంట గడి చూడండి. పెద్దాయన 1428, 1429 అడంగళ్లలో ఖరీఫ్ వరి, రబీ మినుము ఉన్నాయి. 1430లో పంట గడి ఖాళీ. నోటిఫికేషన్ పడ్డ భూమి కదా అని అజమాయిషీలో ఎవరూ రాయలేదు. ఆయన మాత్రం 2020 ఖరీఫ్‌లో కూడా వరి వేశారు. దున్నినవాడికి అది తెలుసు, కాగితానికి తెలియదు!

ఖాళీ గడిని ఇలా పూడ్చాం. ఆ ఏడాది ఈ-పంట నమోదు వివరం రైతు సేవా కేంద్రం నుంచి తెచ్చాం. సర్వే నంబరుతో సహా దొరికింది. ధాన్యం కొనుగోలు కేంద్రంలో అమ్మిన రసీదు ఆయన ఇంట్లో దేవుడి గూట్లో ఉంది. సహకార సంఘంలో తీసుకున్న పంట రుణం పుస్తకంలో అదే సర్వే నంబరు ఉంది. ఈ మూడింటిలో ఏ రెండు ఉన్నా సరిపోతాయి. అడంగల్ గడిని ఇప్పుడు దిద్దించి తేవడానికి మాత్రం ప్రయత్నించకండి. నోటీసు తేదీ తర్వాత మారిన రికార్డు మీద ఎవరికైనా అనుమానమే వస్తుంది.

తెచ్చుకోవాల్సినవి:

- అవార్డు పూర్తి కాపీ, మీ పేరు, సర్వే నంబరు, లెక్క ఉన్న అనుబంధ పట్టికతో సహా
- భూమి స్వాధీనం చేసుకున్న తేదీ చూపే కాగితం
- సంబంధిత ఫసలీల అడంగల్ నకళ్లు, సేకరణ ముందునాటి 1-బి
- పట్టాదారు పాస్ పుస్తకం
- ఎఫ్ఎంబీ స్కెచ్, సేకరించిన భాగం గుర్తించి ఉన్నది
- డబ్బు పడిన రోజు, ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసిన రోజు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంట్
- ఈ-పంట, పంట రుణం, ధాన్యం రసీదు: అడంగల్లో లోటు ఉంటే

అవార్డు కాపీ ఇంట్లో లేకపోతే ఆర్డీవో కార్యాలయంలో గానీ, సేకరణ చేసిన స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కార్యాలయంలో గానీ ధ్రువీకరించిన నకలుకు అర్జీ పెట్టండి. నోటీసు కాపీ జతచేసి, జవాబుకు గడువు ఫలానా తేదీ అని రాయండి. అర్జీ అందినట్టు రసీదు తీసుకోండి. సమయానికి నకలు రాకపోతే గడువు పెంచమని అడగడానికి ఆ రసీదే ఆధారం.

పేర్ల చిక్కు. 1-బి తండ్రి పేరున, అవార్డు కొడుకుల పేరున ఉండటం మన వైపు మామూలే. అప్పుడు మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతపరచాలి. పరిహారమంతా పెద్దన్న ఖాతాలో పడి, ఆయన తమ్ముళ్లకు, అక్కచెల్లెళ్లకు పంచిపెట్టి ఉంటే నోటీసు మొత్తానికీ ఆయనకే వస్తుంది. అవార్డులో వాటాలు ఉంటే ఆ పేజీ, పంచిన డబ్బు బ్యాంకు ద్వారా వెళ్లిన ఆధారం రెండూ పెట్టండి.

## 5. దూరం: రోడ్డు మీద కాదు, గాలిలో

సెక్షన్ 2(14)(iii) ప్రకారం గ్రామీణ వ్యవసాయ భూమి మూలధన ఆస్తి కాదు. ఆస్తే కానప్పుడు దాని మీద లాభానికి పన్ను అనే మాటే రాదు. గ్రామీణం అంటే ఏమిటన్నది దూరం నిర్ణయిస్తుంది:

- పట్టణ జనాభా 10 వేలు దాటి లక్ష లోపు ఉంటే, పట్టణ హద్దు నుంచి 2 కి.మీ. బయట ఉండాలి
- లక్ష దాటి 10 లక్షల లోపు ఉంటే 6 కి.మీ. బయట
- 10 లక్షలు దాటితే 8 కి.మీ. బయట

2011 జనాభా లెక్కల ప్రకారం విజయనగరం, శ్రీకాకుళం రెండూ లక్ష దాటినవే, కాబట్టి 6 కి.మీ. బొబ్బిలి, సాలూరు, ఆమదాలవలస, పలాస-కాశీబుగ్గ వంటివి 2 కి.మీ. కింద వస్తాయి. భోగాపురం వైపు వాళ్లు ఒకటి గమనించాలి. భీమిలి ఇప్పుడు విశాఖ మహానగర పాలక సంస్థలో కలిసి ఉంది. కాబట్టి మీకు 8 కి.మీ. లెక్క భీమిలి వైపు హద్దు నుంచి మొదలవుతుంది. విశాఖ నడిబొడ్డు నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది.

కొలత తిన్నగా, గాలి గీత మీద ఉండాలి. దగ్గరున్న ప్రతి పట్టణం నుంచీ విడిగా చూపాలి. పెద్దాయన భూమి నెల్లిమర్ల నగర పంచాయతీ హద్దుకు 3.4 కి.మీ., విజయనగరం హద్దుకు 8.1 కి.మీ. రెండు పరీక్షల్లోనూ బయటే.

తహసీల్దారు ఇచ్చిన మొదటి ధ్రువపత్రంలో "విజయనగరం నుంచి రోడ్డు మార్గాన 14 కి.మీ." అని ఉంది. చూడటానికి మనకు లాభంగానే ఉంది, కానీ పనికిరాదు. "మున్సిపల్ హద్దు నుంచి గగన మార్గాన దూరం" అని అర్జీలో మనమే మాటలు రాసి ఇస్తే సర్వేయరు అలాగే కొలిచి రాస్తారు. దానికి తోడుగా ఉపగ్రహ పటం మీద గీత గీసిన ప్రింటు పెట్టండి. ధ్రువపత్రం లేకుండా పటం ఒక్కటే పెడితే బలం చాలదు.

మీ భూమి ఈ హద్దుల లోపల పడిందా? కంగారు వద్దు. 10(37) ఉన్నది మీకోసమే. పట్టణ పరిధిలోని వ్యవసాయ భూమిని నిర్బంధంగా సేకరిస్తే, ముందు 2 ఏళ్లు యజమాని గానీ, ఉమ్మడి కుటుంబం గానీ, తల్లిదండ్రులు గానీ సాగు చేసి ఉంటే మినహాయింపు వస్తుంది. కౌలుకిచ్చి ఉంటే ఈ వాదన బలహీనపడుతుంది. అడంగల్ అనుభవదారు గడిలో ఎవరి పేరుందో ముందే చూసుకోండి.

## 6. జవాబు రాసే వరస

వాదనలన్నీ ఒక్క పేరాలో కలిపేయకండి. ఒకటి నిలవకపోతే రెండోది నిలబడేలా మెట్లుగా పెట్టాలి. మా జవాబు ఇలా నడిచింది:

మొదటి పేరా, వాస్తవాలు. ఎవరి భూమి, ఏ గ్రామం, సర్వే నంబరు 112/3, విస్తీర్ణం, దేని కోసం సేకరణ, అవార్డు నంబరు, తేదీ, డబ్బు అందిన తేదీ. ఆరు లైన్లు.

రెండో పేరా, రెండుసార్లు లెక్కించిన 20 లక్షలు. "29,08,640 రూపాయలు 2021 అక్టోబరులో ఖాతాలో జమ అయింది. అదే ఖాతా నుంచి తర్వాత 20,00,000 ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు మళ్లింది. కాబట్టి ఇది వేరే ఆదాయం కాదు." స్టేట్‌మెంట్‌లో ఆ రెండు లైన్లూ గుర్తుపెట్టి జత చేశాం.

మూడో పేరా, సెక్షన్ 96, సర్క్యులర్ 36/2016. అవార్డులో చట్టం పేరున్న పేజీ నంబరు చెప్పాం. 12 శాతం పద్దు పరిహారంలో భాగమని ఇక్కడే రాశాం.

నాలుగో పేరా, గ్రామీణ వ్యవసాయ భూమి. "పై వాదనకు భంగం లేకుండా" అని మొదలుపెట్టి దూరం ధ్రువపత్రం, అడంగళ్లు చూపాం.

ఐదో పేరా, 10(37). "ఒకవేళ భూమి పట్టణ పరిధిలోదని భావించినా" అని మొదలుపెట్టాలి. 1430 అడంగల్లో పంట గడి ఖాళీగా ఉన్న సంగతి మనమే చెప్పి, ఈ-పంట, ధాన్యం రసీదు చూపాం. అధికారి పట్టుకునే దాకా దాచితే మిగతా కాగితాల మీదా నమ్మకం పోతుంది.

ఆరో పేరా, వడ్డీ. 1,64,640లో సగం 82,320, డిపాజిట్ వడ్డీతో కలిపి 1,30,320, పన్ను పరిమితి లోపే.

చివర, కోరిక. 148 నోటీసు ఇవ్వడానికి తగిన కేసు కాదని ఉత్తర్వు ఇవ్వమని అడగాలి.

## 7. తెలుగు రాని అధికారికి అడంగల్ చదివించడం

ఫేస్‌లెస్ పద్ధతిలో మీ ఫైలు ఏ రాష్ట్రంలో కూర్చున్న అధికారి దగ్గరికైనా వెళ్లవచ్చు. ఆయనకు అడంగల్ అంటే ఏమిటో తెలియకపోవచ్చు. మెట్ట, పల్లం, గరువు అన్న మాటలు అసలే తెలియవు. తెలుగు కాగితం అనువాదం లేకుండా పెడితే అది ఉన్నా లేనట్టే.

జవాబు ఇంగ్లీషులో రాయించండి. ప్రతి తెలుగు కాగితం వెనకే దాని ఇంగ్లీషు అనువాదం పెట్టి, "నాకు తెలిసినంతలో సరైన అనువాదం" అని సంతకం చేయండి. అడంగల్‌కు మొత్తం అనువాదం కంటే చిన్న పట్టిక మేలు: ఫసలీ, దానికి సరిపోయే నెలలు, సర్వే నంబరు, పట్టాదారు, అనుభవదారు, పంట, పేజీ నంబరు. అవార్డులో, 1-బిలో, అడంగల్లో ఒకే సర్వే నంబరు ఉందని ఆ పట్టిక ఒక్క చూపులో చెప్పాలి. ఎల్‌పీఎం నంబరు వచ్చి ఉంటే పాత నంబరు పక్కన దాన్నీ రాయండి.

## 8. పోర్టల్‌లో పెట్టేటప్పుడు

లాగిన్ అయ్యాక "Pending Actions", అందులో "e-Proceedings", మీ నోటీసు, "Submit Response". ఇక్కడ మూడు జాగ్రత్తలు.

- అవార్డు కాపీ ఇంకా రాకపోతే ఆఖరి తేదీ దాటకముందే "Seek Adjournment" పెట్టండి. తహసీల్దారు, ఆర్డీవో కార్యాలయాల్లో ఇచ్చిన అర్జీల రసీదులు జతచేయండి.
- ఇంకా కాగితాలు పెట్టాల్సి ఉంటే "Partial Response" ఎంచుకోండి. "Full Response" అన్నాక మళ్లీ చేర్చే వీలుండకపోవచ్చు.
- ఫైళ్లకు "01_Award", "02_Adangal_F1428" లాంటి పేర్లు పెట్టండి. జవాబులో కూడా అవే పేర్లు వాడండి. పెట్టాక వచ్చే రసీదు నంబరు దాచుకోండి.

అదే రోజు AIS పేరుతో ఉండే వార్షిక సమాచార నివేదికలో పరిహారం లైను దగ్గర "Income is not taxable" అని అభిప్రాయం నమోదు చేయండి. జవాబులో ఒకటి, అక్కడ ఇంకొకటి ఉండకూడదు.

## 9. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

"వ్యవసాయ ఆదాయం" అని రాయడం. పరిహారం వ్యవసాయ ఆదాయం కాదు, భూమికి బదులు వచ్చిన డబ్బు. ఆ పేరుతో రిటర్ను వేసి ఉంటే, జవాబులో తప్పు ఒప్పుకుని సరైన సెక్షన్ చెప్పండి.

టీడీఎస్ కోత. వ్యవసాయ భూమికి, సెక్షన్ 96 పరిధిలోని అవార్డుకు 194ఎల్‌ఏ కింద పన్ను పట్టుకోకూడదు. అయినా ఒక కార్యాలయంలో వరసగా ఒకే ఊరి రైతులందరికీ 10 శాతం కోసిన సంగతి నా కళ్లతో చూశాను. పాన్ ఇవ్వని వాళ్లకు 20 శాతం పోయింది. ఆ డబ్బు తిరిగి రావాలంటే ఆ సంవత్సరానికి రిటర్ను వేసి, పరిహారాన్ని మినహాయింపు ఆదాయంగా చూపి వాపసు అడగాలి. గడువు దాటితే సెక్షన్ 119(2)(బి) కింద ఆలస్యం మన్నించమని దరఖాస్తు పెట్టాలి. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక 5 ఏళ్ల దాకా దానికి వీలుంది.

రిజిస్ట్రేషన్ చేసి అమ్మిన భూమికి ఈ జవాబు వాడటం. కంపెనీ నేరుగా కొన్న భూమి సేకరణ కాదు. అక్కడ సెక్షన్ 96 గానీ 10(37) గానీ పని చేయవు. గ్రామీణ వ్యవసాయ భూమి అయితే ఆ ఒక్క వాదనే మిగులుతుంది.

## 10. జవాబు తర్వాత

అధికారి 148ఎ(3) కింద ఉత్తర్వు ఇస్తారు. మీ మాట ఒప్పుకుంటే అక్కడితో ఆగుతుంది. ఒప్పుకోకపోతే 148 నోటీసు వస్తుంది. అప్పుడు నోటీసులో చెప్పిన గడువులో రిటర్ను తప్పకుండా వేయాలి. పరిహారం మినహాయింపు కింద, వడ్డీ ఆదాయం కింద, జవాబులో రాసినట్టే చూపాలి. ఆ తర్వాత వచ్చే 142(1) ప్రశ్నలకూ ఇదే ఫైలు పనికొస్తుంది. చివరికి పన్ను వేస్తూ ఉత్తర్వు వస్తే 30 రోజుల్లో ఫారం 35తో అప్పీలు వేయాలి. జవాబుతో పెట్టని కాగితాన్ని అప్పీల్లో కొత్తగా పెట్టాలంటే కారణం చెప్పాల్సి వస్తుంది, కాబట్టి ఉన్నవన్నీ మొదటి జవాబులోనే పెట్టేయండి.

పెద్దాయన కేసులో 148 నోటీసుకు తగినది కాదని ఉత్తర్వు వచ్చింది. రెండు నెలలకు ఆయన తమ్ముడికీ అలాంటి నోటీసే వచ్చింది. అదే అవార్డు, పక్క సబ్‌డివిజన్ 112/4. దూరం ధ్రువపత్రం, అడంగళ్లు ఆయన సర్వే నంబరుకు విడిగా తీయించాం. అన్నగారి ఉత్తర్వు కాపీని వాటి వెనక జతపరిచి జవాబు పెట్టాం.